ఒకేసారి రెండు ఫిల్టర్లు వద్దు

ప్రశ్న: సార్, నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఇంటర్‌లో ఉన్నప్పుడు కంటి పరీక్షలో చెప్పారు. ఏ రకమో మాత్రం చెప్పలేదు. పీసీలో వాలరెంట్, ఫోన్‌లో బీజీఎంఐ ఆడతాను. విండోస్‌లో కలర్ ఫిల్టర్ ఆన్ చేశాను, గేమ్‌లోనూ డ్యూటెరనోపియా అనే రంగుల సెట్టింగ్ పెట్టాను. ఇప్పుడు అంతా వింతగా ఉంది, శత్రువు ఇంకా ఆలస్యంగా కనిపిస్తున్నాడు. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఫ్రెండ్ "ఏమీ మారలేదు కదరా" అంటున్నాడు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? వీటివల్ల కళ్లు ఇంకా పాడవుతాయా?
- డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: ముందు విండోస్ ఫిల్టర్ ఆపేయండి. సెట్టింగ్స్‌లో Accessibility, అందులో Color filters. అక్కడే కింద కీబోర్డు షార్ట్‌కట్ అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని మాత్రం ఆన్‌లో పెట్టుకోండి. అప్పుడు Windows + Ctrl + C నొక్కినప్పుడల్లా ఫిల్టర్ వస్తూ పోతూ ఉంటుంది, తర్వాత పనికొస్తుంది. వాలరెంట్‌లో శత్రువు రంగు మార్చుకునే సెట్టింగ్ ఒక్కటి చాలు.

రెండూ కలిపితే ఎందుకు చెడిందంటే, ఆ రెండు సెట్టింగులు చేసే పని ఒకటి కాదు. విండోస్ ఫిల్టర్ స్క్రీన్ మొత్తం మీద పనిచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల మధ్య మీ కంటికి అందకుండా పోతున్న తేడా ఎంతో లెక్కగట్టి, ఆ తేడాను తీసుకెళ్లి నీలంలోనూ వెలుతురులోనూ కలుపుతుంది. ఎందుకంటే మీ కంట్లో నీలాన్ని పట్టే కణాలు బాగానే ఉన్నాయి, వెలుగునీడల తేడా కూడా బాగానే తెలుస్తుంది. అందుకే ఫిల్టర్ వేయగానే ఎరుపు కాస్త గులాబీ వైపు జరుగుతుంది. కొత్త రంగేదీ పుట్టదు, ఉన్న తేడాకి చోటు మారుతుందంతే. ఆ చోట అంతకుముందే ఉన్న గులాబీ, ఊదా రంగులతో ఇప్పుడు కొత్త తికమక మొదలవుతుంది.

వాలరెంట్ సెట్టింగ్ అలా కాదు. అది గోడలనీ ఆకాశాన్నీ ముట్టుకోదు. శత్రువు చుట్టూ ఉండే గీత రంగు మాత్రం మారుస్తుంది. మీరు డ్యూటెరనోపియా ఎంచుకోగానే ఎర్ర గీత పోయి పసుపు గీత వచ్చింది. అక్కడితో పని అయిపోయింది. దాని మీద విండోస్ ఫిల్టర్ వేసేసరికి మిగతా బొమ్మంతా కదిలింది. ఇదివరకు మీకు ఒకే మట్టి రంగుగా కనిపిస్తూ కళ్లకి అడ్డం రాని ఇటుకలు, మొక్కలు, తుప్పు పట్టిన డబ్బాలు ఇప్పుడు తలో రంగులో పైకి తేలాయి. గీత పసుపుగానే ఉంది కానీ దాని వెనకాల సందడి పెరిగింది. శత్రువు ఆలస్యంగా కనిపించడానికి కారణం అదే.

మీ ఫ్రెండ్ చెప్పింది కూడా అబద్ధం కాదు. సిస్టమ్ ఫిల్టర్ బొమ్మ స్క్రీన్ మీదికి వెళ్లే ఆఖరి అంచెలో పడుతుంది, స్క్రీన్‌షాట్ అంతకు ముందే తయారవుతుంది. అందుకని అందులో ఫిల్టర్ ఉండదు. ఫోన్లలోనూ ఇంతే. ఫిల్టర్ ఎలా ఉందో ఎవరికైనా చూపించాలంటే వేరే ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీయాల్సిందే. ఆ ఫొటోలో రంగులు ఎలాగూ కొంత మారతాయి, కాబట్టి వాడిని ఇంటికి పిలిచి చూపించడం మేలు. కొన్ని గేముల్లో ఫుల్‌స్క్రీన్‌కి వెళ్లగానే విండోస్ ఫిల్టర్ అసలు పనిచేయకపోవచ్చు కూడా. అనుమానం ఉంటే గేమ్ నడుస్తుండగా షార్ట్‌కట్ నొక్కి, రంగులు కదులుతున్నాయో లేదో చూడండి.

ఇక మీది ఏ రకమో తేల్చుకోవాలి. ఎరుపు-ఆకుపచ్చ ఇబ్బందిలో రెండు రకాలున్నాయి. ఆకుపచ్చ వైపు కణాలు తేడాగా ఉంటే డ్యూటన్, ఎరుపు వైపు కణాలు తేడాగా ఉంటే ప్రోటన్. సెట్టింగుల్లో డ్యూటెరనోపియా, ప్రోటనోపియా అని కనిపించేవి ఈ రెండే. ఎక్కువమందిలో ఉండేది డ్యూటన్. రెండిట్లోనూ ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. అయితే ప్రోటన్‌కి ఎరుపు కలిసిపోవడమే కాదు, మసకబారుతుంది కూడా. నాది ప్రోటనే. చిన్నప్పుడు క్యారమ్స్ ఆడుతూ, సాయంత్రం లైటు తగ్గాక, నల్ల కాయిన్ అనుకుని రెడ్‌ని కొట్టేసేవాణ్ని. కావాలనే కొట్టానని గొడవలు. మా వీధిలో ఇంకో కుర్రాడికీ రంగుల ఇబ్బంది ఉండేది కానీ, వాడు ఎప్పుడూ ఆ తప్పు చేయలేదు. వాడికి రెడ్ కాయిన్ ఎరుపుగా తోచకపోయినా నల్లదానికన్నా వెలుతురుగా ఉండేది. వాడు డ్యూటన్ అని ఇప్పుడు అర్థమవుతోంది.

మీరు ఇంట్లో చూసుకోవాలంటే పూర్తి నల్లటి బొమ్మ మీద ముదురు ఎరుపు కాకుండా అసలైన ఎరుపుతో (#FF0000) ఒక మాట రాయండి. రంగులు మామూలుగా కనిపించేవారిని పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రీన్ బ్రైట్‌నెస్ కొంచెం కొంచెం తగ్గిస్తూ పోండి. వాళ్లు ఇంకా హాయిగా చదువుతుండగానే మీకు అక్షరాలు నలుపులో కలిసిపోతే మీది ప్రోటన్ వైపు. ఇద్దరికీ దాదాపు ఒకేసారి పోతే డ్యూటన్ వైపు. ఇది ఉజ్జాయింపే. ఇంకాస్త నమ్మకంగా తెలియాలంటే, కంటి డాక్టర్ దగ్గర రంగు చుక్కల్లో అంకెలు దాగుండే ఇషిహారా పుస్తకం ఉంటుంది, అందులో దానికోసమే కొన్ని పేజీలున్నాయి. ఒక పేజీలో 26 ఉంటుంది. గట్టి ప్రోటన్‌కి అందులో 6 మాత్రమే కనిపిస్తుంది, గట్టి డ్యూటన్‌కి 2 మాత్రమే. 42 ఉన్న పేజీలో ప్రోటన్‌కి 2, డ్యూటన్‌కి 4. ఫోన్‌లో దొరికే ఇషిహారా బొమ్మల్ని నమ్మకండి. అచ్చులో ఉన్న రంగుకీ మీ స్క్రీన్ చూపే రంగుకీ పొంతన ఉండదు.

ఇప్పుడు వాలరెంట్ సంగతి. మా అక్క కొడుకు డ్యూటన్. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చి "మావయ్యా, నా ర్యాంక్ పెరగట్లేదు" అని కూర్చున్నాడు. ర్యాంక్ సంగతి నా వల్ల కాదు గానీ, రంగుల సంగతి చూద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలెట్టాం. వాడి ఫ్రెండ్ ఒకడిని ఆన్‌లైన్‌లో కస్టమ్ గేమ్‌లోకి పిలిచాం. మ్యాప్ బైండ్. ఇసుక రంగు గోడలున్న మ్యాప్ కాబట్టి పరీక్షకి సరిపోతుంది. ఫ్రెండ్ ఒక మూల దాక్కుని, నేను ఫోన్‌లో చెప్పినప్పుడు సగం బయటికొచ్చి కదలకుండా నిలబడాలి. మావాడు చూడగానే "ఉన్నాడు" అనాలి. కదలకుండా నిలబడటం ముఖ్యం, కదిలితే రంగుతో పని లేకుండానే ఎవరైనా పట్టేస్తారు.

సెట్టింగ్స్‌లో General కింద Accessibility ఉంటుంది, అందులో Enemy Highlight Color. నాలుగు ఎంపికలు: Red, Purple (Tritanopia), Yellow (Deuteranopia), Yellow (Protanopia). ఎరుపుతో మొదలెట్టాం. వాడు చాలాసార్లు గీతని కాదు, తుపాకీ ఆకారాన్ని చూసి పట్టుకుంటున్నాడు. అంటే ఆ గీత వాడికి ఉన్నా లేనట్టే. పసుపుకి మార్చగానే చీకటి సందుల్లో, నీలం తలుపుల ముందు తేడా బాగా కనిపించింది. ఇసుక గోడ ముందుకొచ్చేసరికి మళ్లీ తడబాటు. గోడ కూడా లేత పసుపే కదా.

అప్పుడు ఊదా పెట్టమన్నాను. "అది నా రకం కాదు మావయ్యా, పక్కన ట్రైటనోపియా అని రాసుంది" అన్నాడు. పక్కన ఏం రాసుందో మర్చిపొమ్మన్నాను. డ్యూటన్ కంటికి ఊదాలో ఎరుపు లెక్కలోకి రాదు, నీలం మాత్రం మిగులుతుంది. ఇసుక పసుపు ముందు నీలం పెడితే అంతకన్నా తేలికైన తేడా ఆ కంటికి ఇంకొకటి లేదు, ఎందుకంటే వాడికి మిగిలినవి నీలం-పసుపు తేడా, వెలుగునీడల తేడా, ఈ రెండే. బైండ్‌లో ఊదా గెలిచింది. తర్వాత మంచు, నీలం కంటెయినర్లు ఉండే ఐస్‌బాక్స్ మ్యాప్‌కి వెళ్లాం. అక్కడ తారుమారైంది, ఊదా వెనకబడి పసుపు ముందుకొచ్చింది. ఇప్పుడు వాడు ఊదా ఉంచుకుని, ఐస్‌బాక్స్ పడినప్పుడు మ్యాచ్ మొదలయ్యే లోపు పసుపుకి మార్చుకుంటున్నాడు. అంత శ్రమ మీకొద్దనుకుంటే ఏ మ్యాప్‌లు ఎక్కువ ఆడతారో చూసి ఒకటి పెట్టుకోండి.

క్రాస్‌హెయిర్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. వాడిది ఆకుపచ్చ క్రాస్‌హెయిర్. మన భాషలో పసుపుపచ్చ, ఆకుపచ్చ రెండూ పచ్చలే. డ్యూటన్ కంటిది కూడా ఇంచుమించు అదే భాష, లేత ఆకుపచ్చ వాడికి పసుపు కిందే లెక్క. అది ఇసుక గోడ మీద కరిగిపోతోంది. రంగుల ఇబ్బంది ఉన్నవాళ్లకి సయాన్ బాగుంటుందని ఎక్కడో చదివి అది పెట్టాడు. లేత గోడ మీద బూడిద రంగు చుక్కలా కనిపించింది. ఎందుకంటే నీలం, ఆకుపచ్చ కలిసే ఆ ప్రాంతంలో ఒకచోట ఎరుపు-ఆకుపచ్చ ఇబ్బంది ఉన్నవారికి రంగే ఉండదు, తెలుపు-బూడిదగా తోస్తుంది. సయాన్ దానికి మరీ దగ్గరగా ఉంటుంది. చివరికి పసుపు (#FFFF00) పెట్టి, Outlines ఆన్ చేసి నల్లటి అంచు ఇచ్చాం. ఊదా శత్రువు మీద పసుపు చుక్క పడితే వాడి కంటికి ఎదురెదురు రంగులు. ఇసుక గోడ మీద రంగు కలిసిపోయినా నల్ల అంచు కాపాడుతుంది. నన్నడిగితే క్రాస్‌హెయిర్‌కి ఏ రంగు పెట్టారన్నదానికన్నా ఆ అంచు ఉందా లేదా అన్నదే ముఖ్యం.

మీది ప్రోటన్ అని తేలితే కూడా దాదాపు ఇదే దారి. ఊదాలో ఎరుపు పాలు మీకు మసకగా అందుతుంది కాబట్టి, ఊదా గీత మీకు కాస్త ముదురు నీలంగా కనిపిస్తుంది. చీకటి మూలల్లో అది ఇబ్బంది. నాకైతే పసుపే నచ్చింది.

పోలిక చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త రంగు పెట్టిన మొదటి పది నిమిషాలు ఏదైనా వింతగానే ఉంటుంది. ఒక్కో రంగుతో రెండు మూడు మ్యాచ్‌లైనా ఆడి నిర్ణయించుకోండి.

ఈ పరీక్ష అయ్యాక మావాడు రాత్రి ఫోన్ చేసి "మధ్యాహ్నం బాగుంది, ఇప్పుడేమీ తెలియట్లేదు" అన్నాడు. విషయమేంటంటే వాడి పీసీలో రాత్రి కాగానే Night light దానంతటదే ఆన్ అవుతుంది. కళ్లకి హాయిగా ఉండాలని అది స్క్రీన్‌లోని నీలాన్ని తగ్గిస్తుంది. రంగుల్లో మనకి మిగిలిన ఒకే ఒక్క ఆసరా నీలమైతే, దాన్నే అది తీసేస్తోంది. ఊదా గీత గోధుమరంగులోకి జారిపోతుంది. పీసీలో నైట్ లైట్, ఫోన్‌లో ఐ కంఫర్ట్ లాంటివి, మానిటర్ బటన్లలో ఉండే లో బ్లూ లైట్ మోడ్, వీటిలో ఏది ఆన్‌లో ఉన్నా గేమ్ రంగులూ చెడతాయి, సిస్టమ్ కలర్ ఫిల్టరూ చెడుతుంది. ఆడే గంటసేపు ఆపేయండి. మానిటర్‌లో ఉన్న మోడ్ విండోస్‌కి తెలియదు కాబట్టి దాన్ని విడిగా చూడాలి. ఎక్కువమంది మర్చిపోయేది దాన్నే.

బీజీఎంఐలో గ్రాఫిక్స్ సెట్టింగ్స్ దగ్గర కలర్‌బ్లైండ్ మోడ్ ఉంది. అక్కడ కూడా ముందు ఫోన్‌లోని కలర్ కరెక్షన్ ఆపేసి, గేమ్ మోడ్ ఒక్కటే పెట్టి చూడండి. మూడు రకాలనీ ఒక్కోటి ఒక్కో మ్యాచ్ ఆడండి, పేరు చూసి కాకుండా మీ కంటికి ఏది పనిచేస్తే అది ఉంచుకోండి. ఏ గేమ్‌లో అయినా "డ్యూటెరనోపియా" నొక్కితే మీకు అసలేమీ మారినట్టు లేక, పక్కనున్నవాళ్లు మాత్రం "ఇదేంటి, అంతా మట్టి రంగైపోయింది" అంటే, ఆ గేమ్ మీకు సాయం చేయట్లేదు. మీరు ఎలా చూస్తారో మిగతావాళ్లకి చూపిస్తోంది. ఫిల్టర్‌ని తిరగేసి పెట్టారన్నమాట. అలాంటిది కనిపిస్తే వెంటనే ఆపేయండి.

గేమ్‌లోనే మొత్తం బొమ్మ మీద పడే ఫిల్టర్ కూడా కొన్నిచోట్ల ఉంటుంది. కాల్ ఆఫ్ డ్యూటీ కొత్త గేముల్లో అది ప్రపంచం మీద పడాలా, పైనుండే గుర్తులూ మ్యాపూ మీద మాత్రమే పడాలా అని అడుగుతుంది, దేని బలం దానికి విడిగా పెట్టుకోవచ్చు. అలా అడిగితే గుర్తుల మీద మాత్రమే పెట్టుకోండి, మొత్తం బొమ్మ జోలికి పోవద్దు.

మరి సిస్టమ్ ఫిల్టర్ ఎప్పుడు? గేమ్‌లో ఏ సెట్టింగూ లేనప్పుడు. రంగు గోళీలు కలిపే పజిల్ ఆటలు, పాత గేములు, ఎక్సెల్‌లో ఎరుపు-ఆకుపచ్చ గడులు, ఇలాంటివాటికి. దాన్ని పెట్టే పద్ధతి వేరు. మీరు తికమకపడే రెండు రంగులు పక్కపక్కనే ఉన్న ఒక బొమ్మ తెరిచి పెట్టుకోండి, పచ్చి మిరపకాయలూ పండు మిరపకాయలూ కలిసున్న ఫొటో అయినా సరే. డ్యూటన్ అయితే green weak, ప్రోటన్ అయితే red weak అని ఉన్నది ఎంచుకోండి. ఐఫోన్‌లో, చాలా శాంసంగ్ ఫోన్లలో, విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఫిల్టర్ బలం పెంచే స్లైడర్ ఉంటుంది. దాన్ని సున్నా నుంచి మెల్లగా జరుపుతూ, పండు కాయలు విడిగా కనిపించడం మొదలైన చోటే ఆపండి. అక్కడి నుంచి ఇంకా పెంచితే కాయలు ఇంకా బాగా తెలుస్తాయి కానీ మనుషుల మొహాలు గులాబీగా మారి, మిగతా రంగులు గుద్దుకోవడం మొదలవుతుంది. విండోస్ 10లో స్లైడర్ లేదు, వేస్తే పూర్తిగా వేయాలి. అందుకే అక్కడ షార్ట్‌కట్‌తో అవసరమైనప్పుడు వేసి వెంటనే తీసేయడం మంచిది. ఆండ్రాయిడ్‌లో కలర్ కరెక్షన్ టైల్‌ని పైనుంచి లాగే ప్యానెల్‌లో పెట్టుకుంటే అదే పని అక్కడా అవుతుంది.

ఫిల్టర్ సరిగా ఉందనడానికి ఒక గుర్తు: తెల్ల కాగితం తెల్లగానే ఉండాలి, బూడిద రంగు బూడిదగానే ఉండాలి. వాటిలో ఎరుపు-ఆకుపచ్చ తేడా లేదు కాబట్టి ఫిల్టర్‌కి మార్చడానికి ఏమీ ఉండదు. తెలుపు కూడా రంగు తిరిగితే మీరు ఫిల్టర్ కాకుండా టింట్ పెట్టారు, లేదా నైట్ లైట్ ఇంకా నడుస్తోంది.

ఇక కళ్ల సంగతి. ఫిల్టర్లవల్ల పాడవవు, బాగుపడవు కూడా. మీకున్నది కంటి కణాల్లోని రంగు పదార్థం పుట్టుకతోనే తేడాగా ఉండటం. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే జన్యువుల వల్ల వస్తుంది కాబట్టి అబ్బాయిలకి తల్లి వైపు నుంచి వస్తుంది. మీ మేనమామల్లో ఎవరికైనా ఉందేమో అడిగి చూడండి. రోజూ ఎన్ని గంటలు ఫిల్టర్ వాడినా ఇషిహారా పుస్తకంలో కనిపించే అంకె మారదు. అయితే పుట్టుకతో వచ్చింది రెండు కళ్లలోనూ ఒకేలా ఉంటుంది, ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. ఒక కన్ను మూసి ఒక కన్నుతో ఏదైనా ఎర్రటి వస్తువుని చూడండి, తర్వాత రెండో కన్నుతో. ఒక కంటికి ఎరుపు వెలిసిపోయినట్టు కనిపించినా, ఈమధ్యే రంగులు మారాయని అనిపించినా అది ఈ ఫిల్టర్లతో తేలేది కాదు, వెంటనే కంటి డాక్టర్‌కి చూపించుకోండి.